నెలసరి సక్రమంగానే వస్తోంది, మరి ఈ చెమటలెక్కడివి?

34 ఏళ్ల ఆడమనిషి అర్ధరాత్రి లేచి తడిసిన నైటీ మార్చుకుంటోందంటే ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు “వేడి చేసిందమ్మా, మజ్జిగ తాగు” అంటారు. తోటికోడలో, స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీ స్నేహితురాలో అయితే “ఈ మధ్య అందరికీ మెనోపాజ్ తొందరగా వచ్చేస్తోందట, నీకూ అదేనేమో” అంటారు. ఈ రెండో మాటతోనే ఎక్కువ నష్టం. మజ్జిగ తాగితే పోయేదేమీ లేదు. కానీ ముట్లుడిగే దశ వచ్చేసిందని నమ్మిన మనిషి, ఇది వయసు తెచ్చిన మార్పే కదా, భరించాల్సిందే అని ఊరుకుంటుంది. అసలు కారణం వెతికేవాళ్లుండరు.

నెలసరి తనంతట తాను 26 నుంచి 32 రోజుల మధ్య క్రమం తప్పకుండా వస్తోందంటే అండాశయాలు పనిచేస్తున్నాయనే లెక్క. అండం పెరిగేటప్పుడు ఈస్ట్రోజెన్, విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ తయారవుతాయి. ఆ రెండూ తగ్గిపోయినప్పుడు గర్భసంచి పొర రాలి నెలసరి వస్తుంది. ఇది నెలనెలా ఒకే లెక్కన జరుగుతోందంటే ఈస్ట్రోజెన్ అందుతోందన్నమాట. మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్లకు మూలం ఆ ఈస్ట్రోజెన్ పడిపోవడమే. మెదడులో శరీర ఉష్ణోగ్రతను చూసుకునే హైపోథలమస్ అనే భాగం ఈస్ట్రోజెన్ లేక అతి సున్నితంగా మారుతుంది. కాస్త వేడి పెరిగినా ఒళ్లు కాగిపోతోందన్నట్టు స్పందించి చర్మంలోని రక్తనాళాలను తెరిపిస్తుంది, చెమట పట్టిస్తుంది. 40 ఏళ్లలోపే అండాశయాలు చేతులెత్తేయడం అనే సమస్య నిజంగానే ఉంది. అయితే అందులో నెలసరి ముందే గతి తప్పుతుంది, నెలల తరబడి రాకుండా పోతుంది. రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది. నెలసరి ఠంచనుగా వస్తున్న మనిషిలో ముందుగా అనుమానించాల్సింది దాన్ని కాదు.

ఈ కొలమానం ఇద్దరి విషయంలో పనికిరాదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లకు నెలనెలా వచ్చే రక్తస్రావం మాత్ర ఆపినందువల్ల వచ్చేది. దాన్నిబట్టి అండాశయాల సంగతి తెలియదు. ఇక గర్భసంచి తీయించుకున్నవాళ్లకు చూసుకోవడానికి నెలసరే ఉండదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే ఆ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలోనే ఎక్కువ అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూ వచ్చాయి. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేశారా, ఉంచారా అన్నది డిశ్చార్జ్ కాగితంలో చూసుకోవాలి. తీసేసి ఉంటే ఆ వయసులో ఆవిర్లకు కారణం అదే. వాళ్లకు వైద్యం వేరు. ఇక్కడ చెప్పబోయేది ఈ రెండు కోవల్లోకీ రాని మనిషి గురించి.

క్లినిక్‌లలో తరచూ ఎదురయ్యే వివరాలను కలిపి ఒకామెను ఊహించుకుందాం. ఆమె ఊరి బడిలో టీచరు. రెండో బిడ్డకు ఏడాదిన్నర నిండింది, పాలు మాన్పించి చాలా రోజులైంది. బిడ్డకు ఎనిమిదో నెలలో మళ్లీ నెలసరి మొదలైంది. ఇప్పుడు 28, 29 రోజులకు సరిగ్గా వస్తోంది. మూడు నెలలుగా రాత్రిపూట మెడ, ఛాతీ, వీపు తడిసిపోతున్నాయి. ఫ్యాన్ పూర్తి వేగంలో తిరుగుతున్నా దిండు గలీబు తడుస్తోంది. పగలు కూడా ముఖంలోకి వేడి తన్నుకొస్తోంది. ఎవరో చెప్పగా మెనోపాజ్‌కి వాడే మూలికల మాత్రలు ఒక సీసా వాడింది, మార్పు లేదు. తర్వాత ఓ ల్యాబ్‌లో హార్మోన్ల ప్యాకేజీ చేయించుకుంది. అందులో ఏఎంహెచ్ కాస్త తక్కువగా వచ్చేసరికి భయపడిపోయింది. నిజానికి ఏఎంహెచ్ చెప్పేది అండాశయాల్లో అండాల నిల్వ గురించి. రాత్రి చెమట ఎందుకు పడుతోందో అది చెప్పదు. ఈ ఫిర్యాదుతో వచ్చినవాళ్లకు మొదటే ఆ పరీక్ష రాయడం డబ్బు దండగ, పైగా లేనిపోని దిగులు అన్నది నా అభిప్రాయం.

చివరికి ఆమె ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లింది.

“మందులేమైనా వాడుతున్నారామ్మా?” అని అడిగారు డాక్టరు.

“ఏమీ లేవు మేడమ్. థైరాయిడ్ మాత్ర ఒక్కటే.”

“ఎన్ని మైక్రోగ్రాములది?”

“125. కడుపుతో ఉన్నప్పుడు పెంచారు. అదే వేసుకుంటున్నా.”

“కడుపు రాకముందు?”

“75 అనుకుంటా మేడమ్.”

ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రను చాలామంది మందుగా లెక్కించరు, ఇంట్లో పళ్లపొడి ఎంతో అదీ అంతే. అందుకే ఏమైనా వాడుతున్నారా అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోట్లో వేసుకునేవన్నీ చెప్పమనాలి. ఆ డాక్టరు మరో పని కూడా చేశారు. వెంటనే పరీక్షలు రాయకుండా, పది రోజులపాటు ఒక నోటు పుస్తకంలో కొన్ని వివరాలు రాసుకురమ్మన్నారు. చెమట పట్టిన టైము, బట్టలు మార్చుకోవాల్సి వచ్చిందా లేక మెడ మీద తడి మాత్రమేనా, నెలసరి మొదలై ఎన్నో రోజు, సాయంత్రం ఐదారు గంటల మధ్య థర్మామీటరులో ఎంత ఉంది, పొద్దున మంచం దిగకముందు నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, ఆ రోజు వేసుకున్న మాత్రలు. పుస్తకం మొదటి పేజీలో ఈ ఏడాది బరువు ఎలా మారిందో రాయమన్నారు.

పది రోజుల తర్వాత ఆ పుస్తకంలోని సంగతులు ఇవి. చెమట రాత్రే కాదు, పగలూ పడుతోంది. రాత్రి దుప్పట్లో ఉంటారు కాబట్టి అప్పుడే తెలిసొచ్చింది, అంతే. అరచేతులు ఎప్పుడూ చెమ్మగా ఉంటున్నాయి, నోటు పుస్తకాలు దిద్దుతుంటే కాగితం చేతికి అంటుకుంటోంది. నెలసరి రోజులకూ చెమటకూ పొంతన లేదు. సాయంత్రం జ్వరం ఒక్కరోజూ లేదు, 98.2, 98.6 దగ్గరే ఉంది. మంచం మీదే చూసుకున్న నాడి 92, 96, 94. ఆకలి బాగానే ఉంది, మామూలుగా తింటోంది, అయినా ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. డాక్టరు ఆమె రెండు చేతులూ ముందుకు చాపించి వేళ్లు విడదీయమని, వేళ్ల వీపు మీద ఒక తెల్ల కాగితం పరిచారు. కాగితం అంచు సన్నగా, ఆగకుండా వణికింది. చేతికి తెలియని వణుకును కాగితం పట్టిచ్చింది.

ఇవన్నీ థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనప్పటి లక్షణాలు. ఆ హార్మోన్ ఒంట్లోని ప్రతి కణం పనివేగాన్ని పెంచుతుంది. పని పెరిగిన కొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడిని బయటికి పంపడానికి చర్మం వెచ్చగా, తడిగా ఉంటుంది. మెనోపాజ్ ఆవిరికీ దీనికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఆ ఆవిరి అలలా వస్తుంది. రెండు మూడు నిమిషాలు ముఖం, ఛాతీ భగ్గుమంటాయి, చెమట పడుతుంది, తర్వాత చలి వేసినట్టై సర్దుకుంటుంది. మధ్యలో మనిషి మామూలుగానే ఉంటుంది. థైరాయిడ్ వేడికి అలాంటి విరామం తక్కువ. పక్కవాళ్లు శాలువా కప్పుకున్నా తను ఫ్యాన్ వేయమంటుంది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 0.04 వచ్చింది. మామూలుగా అది 0.4 నుంచి 4 మధ్య ఉంటుంది. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఇక చాలని తన టీఎస్‌హెచ్ తగ్గించేస్తుంది కాబట్టి ఈ అంకె తక్కువగా రావడమంటే హార్మోన్ ఎక్కువైందని అర్థం. కానీ డాక్టరు ఆ ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రాలేదు. ఎందుకంటే పుస్తకంలో మాత్రల పేర్ల మధ్య “జుట్టు మాత్ర” అని ఒక మాట ఉంది. బిడ్డ పుట్టాక జుట్టు బాగా రాలుతోందని ఆమె 10 మిల్లీగ్రాముల బయోటిన్ వాడుతోంది. బయోటిన్ విటమినే, థైరాయిడ్‌ను అది ఏమీ చేయదు. కానీ చాలా ల్యాబ్ యంత్రాలు హార్మోన్‌ను కొలవడానికి వాడే రసాయన పద్ధతిలో బయోటిన్ ఒక భాగం. రక్తంలో అది దండిగా ఉంటే యంత్రం తికమకపడి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, థైరాక్సిన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. అంటే ఏ జబ్బూ లేకుండానే థైరాయిడ్ ఎక్కువైనట్టు రిపోర్టు వస్తుంది. దాన్ని నమ్మి మందులు మార్చడం ప్రమాదం. జుట్టుకి, గోళ్లకి అని అమ్మే మాత్రల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. అందుకని మూడు రోజులు ఆ మాత్ర ఆపి మళ్లీ పరీక్ష చేయించారు. ఈసారి టీఎస్‌హెచ్ 0.06, ఫ్రీ టీ4 కొంచెం ఎక్కువ. తప్పుడు లెక్క కాదని తేలింది.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలింది. కాన్పై ఏడాదిన్నర అయింది, మోతాదు అప్పటినుంచీ ఇదే. మరి చెమటలు మూడు నెలల కిందటే ఎందుకు మొదలయ్యాయి?

జవాబు దొరికింది కూడా మాత్రల జాబితాలోనే. కాన్పు తర్వాత చాలాకాలం ఆమె ఐరన్, కాల్షియం మాత్రలు వాడింది. మరిచిపోకుండా ఉంటుందని పొద్దున థైరాయిడ్ మాత్రతో పాటే అవీ వేసుకునేది. ఐరన్, కాల్షియం రెండూ పేగుల్లో థైరాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి పూర్తిగా చేరనివ్వవు. అందుకే వాటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. ఆమె వేసుకున్నది 125 అయినా అన్నాళ్లూ ఒంటికి అందింది అంతకంటే తక్కువే. నాలుగైదు నెలల కిందట ఐరన్, కాల్షియం సీసాలు అయిపోయాయి, మళ్లీ కొనలేదు. ఆనాటి నుంచి మాత్ర మొత్తం ఒంటపట్టింది. థైరాక్సిన్ రక్తంలో నెమ్మదిగా పేరుకుంటుంది, దాని ప్రభావం స్థిరపడటానికి ఆరు వారాల దాకా పడుతుంది. ఆ లెక్కన చూస్తే చెమటలు మొదలైన సమయం సరిగ్గా సరిపోయింది.

గర్భంతో ఉన్నప్పుడు థైరాక్సిన్ పెంచడం సరైన వైద్యమే. కడుపులోని బిడ్డకు మొదటి నెలల్లో తల్లి హార్మోనే ఆధారం కాబట్టి, అప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లలో చాలామందికి మోతాదు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. కాన్పు కాగానే ఆ అదనపు అవసరం తీరిపోతుంది. అప్పుడు గర్భానికి ముందున్న మోతాదుకు తగ్గించి, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి. మన దగ్గర పొరపాటు జరిగేది అక్కడే. కాన్పు పుట్టింటి ఊళ్లో, ఆ తర్వాతి వాకబంతా బిడ్డ టీకాల గురించి, తల్లి చీటీ ఏ సంచిలోనో ఉండిపోతుంది. మందుల షాపులో పాత స్ట్రిప్ చూపిస్తే అదే ఇస్తారు. 125 అలా ఏళ్ల తరబడి సాగిపోతుంది. ఇది చదువుతున్నవాళ్లలో గర్భం సమయంలో థైరాయిడ్ మాత్ర పెంచినవాళ్లుంటే, కాన్పు తర్వాత తగ్గించారా లేదా అని ఈరోజే స్ట్రిప్ తీసి చూసుకోమని నా మనవి.

ఆమెకు మోతాదును 75కు తెచ్చారు. అదనపు హార్మోన్ వెంటనే దిగదు. థైరాక్సిన్ సగానికి సగం తగ్గడానికే వారం పడుతుంది. అందుకే మొదటి రెండు వారాలు పుస్తకంలో పెద్ద మార్పు కనిపించలేదు. నాలుగో వారానికి బట్టలు మార్చుకోవాల్సిన రాత్రులు పోయాయి, నాడి 80కి దిగింది. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 1.6. ఇంకో సంగతి. థైరాయిడ్ ఎక్కువైతే కూడా జుట్టు రాలుతుంది. కాన్పు తర్వాత మొదలైన జుట్టు రాలడం మామూలుగా ఏడాదిలో సర్దుకుంటుంది. ఆమెకు తగ్గకుండా సాగడానికి ఈ మాత్రే కారణం కావచ్చు. ఆ జుట్టు కోసం వాడిన మందు పరీక్షను గందరగోళం చేసింది. అయితే ఒక హెచ్చరిక. ఈ లక్షణాలు తమకూ ఉన్నాయనుకుని ఎవరూ తమంతట తాము థైరాయిడ్ మాత్ర ఆపకూడదు. పరీక్ష చేయించుకోకుండా ఆపితే రెండో వైపు ఇబ్బంది, అది కూడా తక్కువది కాదు.

ఏ మాత్రా వాడని మనిషిలో టీఎస్‌హెచ్ ఇలా తక్కువొస్తే దారి వేరు. గ్రంథే అతిగా పనిచేస్తూ ఉండొచ్చు, లేదా కాన్పైన ఏడాదిలోపు గ్రంథి వాచి నిల్వ ఉన్న హార్మోన్‌ను ఒక్కసారిగా వదిలేస్తూ ఉండొచ్చు. మొదటిదానికి నెలల తరబడి మందు కావాలి. రెండోది చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. రెంటినీ వేరు చేసే పరీక్షలున్నాయి. ఆ తేడా చూడకుండా మందు మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు అదే పుస్తకంలో ఒక్క అంకె మార్చి చూద్దాం. సాయంత్రం థర్మామీటరులో 98.4కు బదులు వారంలో నాలుగైదు రోజులు 99.8, 100.2 అని ఉందనుకోండి. ఆకలి తగ్గింది, చీర జాకెట్టు వదులైంది, చిన్న దగ్గు వదలట్లేదు. అప్పుడు మన దేశంలో మొట్టమొదట చూడాల్సింది టీబీ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు పావు వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. ముప్పైల్లోని ఆడవాళ్లేమీ దానికి అతీతులు కారు. వాళ్లలో అది ఊపిరితిత్తుల్లో కాకుండా మెడ బిళ్లల్లోనో, గర్భసంచి నాళాల్లోనో కూడా ఉండొచ్చు. అప్పుడు దగ్గు ఉండకపోవచ్చు.

టీబీలో రాత్రి చెమట ఎందుకు పడుతుందో తెలిస్తే జ్వరం ఎప్పుడు చూసుకోవాలో తెలుస్తుంది. క్రిమితో పోరాడే రసాయనాలు సాయంత్రం వేళకు హైపోథలమస్‌లోని ఉష్ణోగ్రత గుర్తును కాస్త పైకి జరుపుతాయి, ఒళ్లు వెచ్చబడుతుంది. రాత్రి గడిచేకొద్దీ ఆ గుర్తు కిందికి జరుగుతుంది, అప్పుడు అదనంగా ఉన్న వేడినంతా వదిలించుకోవడానికి చెమట కారుతుంది. అంటే ఆ చెమట జ్వరం దిగుతున్న ఘట్టం. చాలామంది చెమట పట్టి మెలకువ వచ్చినప్పుడు ఒళ్లు తాకి చూసుకుని “చల్లగానే ఉంది, జ్వరం లేదు” అనుకుంటారు. చూడాల్సిన సమయం అది కాదు, సాయంత్రం. అది కూడా పారాసిటమాల్ వేసుకోకముందు. ఒళ్లునొప్పులని రోజూ ఆ మాత్ర వేసుకునేవాళ్లలో జ్వరం కప్పబడిపోతుంది. పైగా ఆ మాత్ర జ్వరాన్ని దించేటప్పుడు కూడా చెమటే పడుతుంది.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాలి. కళ్లెలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందులూ ఉచితమే. మామూలు టీబీకి ఆరు నెలల వైద్యం. మెడలో బిళ్ల ఉంటే సూదితో కొద్దిగా తీసి పరీక్షిస్తారు. ఆ సూది పరీక్షను వాయిదా వేయకూడదు, ఎందుకంటే జ్వరం, బట్టలు పిండేంత చెమట, బరువు తగ్గడం, నొప్పి లేని బిళ్ల కలిసి కనిపించే మరో జబ్బు లింఫోమా. ఇందులో ఒక రకం ఇరవైలు, ముప్పైల వయసులోనే ఎక్కువగా వస్తుంది. చాలామందికి నయమయ్యే జబ్బే అది. బిళ్ల కనపడగానే పరీక్ష చేయకుండా టీబీ అనుకుని మందులు మొదలుపెట్టి నెలలు గడిపేస్తే మాత్రం విలువైన సమయం పోతుంది.

పుస్తకంలో మాత్రల గడి ఇంకా కొన్ని సంగతులు చెబుతుంది. దిగులుకో, ఆందోళనకో రాసే ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు వాడేవాళ్లలో సుమారుగా నూటికి పదిమందికి చెమట ఎక్కువవుతుంది. ఆ మందుల గురించి ఇంట్లో చెప్పుకోరు, వేరే డాక్టరు దగ్గర కూడా దాచేస్తారు. మందు మొదలైన తేదీ, చెమట మొదలైన తేదీ పక్కపక్కన రాసుకుంటే విషయం తెలిసిపోతుంది. మోతాదు మార్చడమో, పొద్దున వేసుకోవడమో, వేరే మందుకు మారడమో డాక్టరే చూస్తారు. ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, చెమట, నిద్రలేమి మరింత బాధపెడతాయి. పిల్లల కోసం వైద్యం చేయించుకుంటూ అండం పెరగడానికి క్లోమిఫిన్ మాత్రలు వాడే ఆడవాళ్లకు ఆ అయిదు రోజుల్లోనూ, ఆ తర్వాత కొన్నాళ్లూ అచ్చం మెనోపాజ్ లాంటి ఆవిర్లే రావచ్చు. ఆ మందు పనిచేసే తీరే అది, మెదడుకు ఈస్ట్రోజెన్ కనపడకుండా అడ్డుపడుతుంది. మాత్రలు ఆపాక తగ్గిపోతాయి, భయం లేదు.

షుగరుకు ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడే మనిషి రాత్రి చెమటతో లేస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. తెల్లవారుజామున రెండు మూడు గంటలప్పుడు చల్లని, జిగట చెమట, గుండెదడ, పీడకలలు, పొద్దున లేచేసరికి తలనొప్పి ఉంటే రాత్రి షుగర్ పడిపోతోందేమో చూడాలి. ఆ చెమటప్పుడే గ్లూకోమీటరుతో చూస్తే 70 కంటే తక్కువ ఉంటే సంగతి తేలిపోయినట్టే. వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. మర్నాడే డాక్టరు దగ్గర మోతాదు సరిచేయించుకోవాలి. రాత్రి భోజనం మానేసే ఉపవాసాల రోజుల్లో ఇది ఎక్కువగా జరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు సాధారణంగా ఈ బెడద ఉండదు.

ఇక నెలసరి రోజుల గడి. చెమట రాత్రులన్నీ నెలసరికి ముందు నాలుగైదు రోజుల్లోనే పడి, నెలసరి రాగానే ఆగిపోతున్నాయంటే, రెండు మూడు నెలలు అదే వరస కనిపిస్తే, కారణం హార్మోన్ల మామూలు ఎగుడుదిగుడే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వల్ల ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ ఫారెన్‌హీట్ దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. నెలసరికి ముందు ఆ హార్మోన్, ఈస్ట్రోజెన్ రెండూ జారిపోతాయి. కొందరి ఒళ్లు ఆ మార్పును చెమటగా చూపిస్తుంది. ఇది మెనోపాజ్ కాదు, మందు కూడా చాలాసార్లు అక్కర్లేదు. నెలసరి ఒక్కరోజు ఆలస్యమైనా ముందు గర్భపరీక్ష చేసుకోవాలి, తొలి వారాల్లో కూడా ఇలా వేడిగా అనిపించడం ఉంది.

ఆందోళన వల్ల వచ్చే చెమటను కూడా ఇక్కడే చెప్పాలి, కానీ దాన్ని చివరికి ఉంచడానికి కారణముంది. ఆడవాళ్లు ఏ బాధ చెప్పినా “టెన్షన్ పెట్టుకోకమ్మా” అని పంపేయడం ఎక్కువైపోయింది. పానిక్ అటాక్ నిజమైన జబ్బే. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, గుండె వేగంగా కొట్టుకుంటూ, ఊపిరాడక, చచ్చిపోతానన్న భయంతో పది ఇరవై నిమిషాలు గడపడం దాని తీరు. దానికి మంచి వైద్యం ఉంది. కానీ థైరాయిడ్, షుగరు, జ్వరం చూడకుండా ఆ ముద్ర వేయడం సరికాదు. మన టీచరమ్మ లాంటివాళ్లకు కూడా గుండెదడ, వణుకు, చిరాకు ఉంటాయి. రక్తపరీక్ష చేయకపోతే ఆమెనూ టెన్షన్ కేసు అనే పంపేసేవారు.

ఇలాంటి ఫిర్యాదుతో వెళ్లినప్పుడు తొలివిడతలో కావలసిన పరీక్షలు తక్కువే. రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్, టీఎస్‌హెచ్, షుగరు, అవసరమైతే గర్భపరీక్ష, జ్వరమో దగ్గో ఉంటే ఛాతీ ఎక్స్‌రే. వేల రూపాయల ప్యాకేజీ అక్కర్లేదు. గైనకాలజిస్టు దగ్గరికే వెళ్లాలనేమీ లేదు, జనరల్ మెడిసిన్ డాక్టరు చాలు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే స్ట్రిప్‌లు, సీసాలు, జుట్టు మాత్రలు, ఆయుర్వేద పొడులతో సహా ఒక కవర్లో వేసుకెళ్లండి. పది రోజుల పుస్తకం పూర్తికాకుండానే వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మెడలోనో చంకలోనో బిళ్ల తగలడం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతూ ఉండటం, కళ్లెలో రక్తం, సాయంత్రం జ్వరం రెండు వారాలు దాటడం. తలపోటు, గుండెదడ, చెమట మూడూ కలిసి దాడిలా వచ్చి పోతుంటే ఆ దాడి సమయంలోనే బీపీ కొలిపించుకోవాలి. అడ్రినల్ గ్రంథిలో అరుదుగా పెరిగే ఒక గడ్డకు అది గుర్తు. మామూలు వేళల్లో చూసిన బీపీ దాన్ని పట్టించుకోకపోవచ్చు.

ఇంత చూశాక కూడా కొందరిలో కారణం దొరకదు. పరీక్షలన్నీ మామూలుగా ఉండి, బరువు నిలకడగా ఉండి, జ్వరం లేకపోతే ఆ చెమట చాలాసార్లు ప్రమాదకరం కాదు. అలాంటప్పుడు మూడు నెలల తర్వాత ఒకసారి మళ్లీ బరువు చూసి, మెడ, చంకలు తడిమి చూసి, టీఎస్‌హెచ్, రక్తకణాల లెక్క తిరిగి చేయించడం సరిపోతుంది. ఈలోగా నెలసరి తప్పడం, రెండు మూడు నెలలకోసారి రావడం మొదలైతే మాత్రం ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షకు అదే సరైన సమయం.